బోల్టు చూడటానికి బాగానే ఉంటుంది: రీకాల్ బులెటిన్‌ను తెలుగులోకి తేవడంలో అసలు చిక్కు

ఒక చిన్న చక్రాల లోడర్‌ను ఊహించుకుందాం. దాని ముందువైపు చక్రాలను తిప్పే స్టీరింగ్ ఆర్మ్‌లు రెండు. ఒక్కో ఆర్మ్‌ను రెండేసి బోల్టులు పట్టి ఉంచుతాయి, అంటే బండికి మొత్తం నాలుగు. ఆ బోల్టుల్లో ఒక బ్యాచ్‌లో లోపం ఉందని తయారీ సంస్థ గుర్తించి, డీలర్లకు, మెకానిక్కులకు, యజమానులకు ఇంగ్లీషులో రెండు పేజీల భద్రతా బులెటిన్ పంపింది. అది తెలుగులోకి వచ్చింది. మెకానిక్కు చేయాల్సిన పని తెలుగులో ఇలా ఉంది: ‘స్టీరింగ్ బోల్టులను తనిఖీ చేసి, అవసరమైతే మార్చండి.’

వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. ఇంగ్లీషు మాటకు తెలుగు మాట సరిగ్గా ఉంది. మెకానిక్కు కూడా చెప్పినట్టే చేశాడు. బోల్టు మీది మట్టి, గ్రీజు తుడిచాడు. పగులు ఉందేమోనని లైటు వేసి చూశాడు. పానా పెట్టి బిగుతు చూశాడు. పగులు లేదు, వదులూ లేదు, తుప్పు కూడా లేదు. ‘అవసరం’ కనిపించలేదు కాబట్టి మార్చలేదు. బండి పనికి వెళ్లింది. ఆ బోల్టు ఇప్పటికీ విరిగేదే.

ఈ లోడర్, దాని గుర్తులు, అంకెలు విషయాన్ని చూపడానికి కల్పించుకున్నవి. లోపం మాత్రం కల్పన కాదు, బోల్టులు తయారుచేసేవారందరికీ బాగా తెలిసినదే. ఆ లోపం ఎలాంటిదో తెలుసుకోకుండా ఈ బులెటిన్‌లోని ఒక్క క్రియాపదాన్ని కూడా సరిగ్గా ఎంచుకోలేం. అందుకని ముందు దాని సంగతి చూడాలి.

కంటికి కనిపించని లోపం

ఈ బోల్టులు 12.9 తరగతివి. తల మీద ఆ అంకె చెక్కి ఉంటుంది. సాధారణంగా వాడకంలో ఉండే బోల్టు తరగతుల్లో ఇది అత్యంత గట్టిది. దాని తన్యత బలం సుమారు 1200 మెగాపాస్కళ్లు. ఉక్కు ఇంత గట్టిదైనప్పుడు దానికి ఒక బలహీనత కూడా తోడవుతుంది. తుప్పు పట్టకుండా జింకు పూత వేయడానికి బోల్టులను ముందు ఆమ్లంలో కడిగి, తర్వాత విద్యుత్తుతో పూత ఎక్కిస్తారు. ఈ రెండు దశల్లోనూ హైడ్రోజన్ పుట్టి, అణువుల రూపంలో కాకుండా విడి పరమాణువులుగా ఉక్కులోకి చొరబడుతుంది. దాన్ని బయటికి పంపడానికి పూత వేసిన వెంటనే, కొన్ని గంటలు దాటకుండా, బోల్టులను సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర చాలాసేపు కాల్చాలి. ఈ కాల్పు ఆలస్యమైనా, తక్కువసేపే జరిగినా హైడ్రోజన్ లోపలే ఉండిపోతుంది.

అలాంటి బోల్టు పెట్టెలో ఉన్నంతకాలం ఏమీ కాదు. దాన్ని బిగించినప్పుడు ఉక్కు సాగదీతకు గురవుతుంది. లోపలి హైడ్రోజన్ ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోటికి, అంటే తల కింది మెడకో మొదటి మరచుట్టుకో, మెల్లగా చేరుతుంది. అక్కడ లోపల పగులు మొదలై పెరుగుతుంది. కొన్ని గంటలకో, రోజులకో, ఒక్కోసారి వారాలకో బోల్టు ఉన్నట్టుండి పుటుక్కున విరుగుతుంది. విరిగే ముందు సాగదు, వంగదు, శబ్దం చేయదు.

అనువాదకుడు ఇందులోంచి పట్టుకోవాల్సినవి మూడు. లోపం పైకి కనిపించదు. బిగుతు చూసినా తెలియదు. విప్పి మళ్లీ బిగిస్తే బోల్టు బాగుపడదు, అదే సాగదీత మళ్లీ మొదలవుతుంది. మంచి మెకానిక్కు తన అనుభవంతో చేసే మూడు పనులూ, అంటే చూడటం, కదిపి చూడటం, గట్టిగా బిగించడం, ఇక్కడ పనికిరావు. బులెటిన్ తెలుగు పాఠం ఆ అనుభవానికి ఎదురు నిలబడి మాట్లాడాలి.

తనిఖీ అనే మాట

ఇంగ్లీషులో ‘ఇన్‌స్పెక్ట్’ అన్న మాటకు నిఘంటువు ఇచ్చే ‘తనిఖీ’ తప్పు కాదు. కానీ మెకానిక్కు చెవికి తనిఖీ అంటే వస్తువు మంచిగా ఉందో లేదో చూడటం. ఇక్కడ బులెటిన్ అడుగుతున్నది వేరు: ఈ బోల్టు ఆ బ్యాచ్‌దా కాదా అన్నది తేల్చుకోమంటోంది. ఇది పరీక్ష కాదు, గుర్తింపు. ఇంగ్లీషు పాఠంలో ఈ తేడా పక్కనున్న పట్టిక వల్ల తెలుస్తుంది: తల మీద 12.9 పక్కన `K` అని ఉంటే లోపమున్న బ్యాచ్, `KR` అని ఉంటే కొత్త బోల్టు. తెలుగు వాక్యం పట్టిక మీద ఆధారపడకుండా తనంతట తానే ఆ పని చెప్పాలి.

‘ప్రతి బోల్టు తల మీది గుర్తు చదవండి. `K` అని మాత్రమే ఉంటే ఆ బోల్టు చూడటానికి బాగున్నా, బిగుతుగా ఉన్నా తీసేసి కొత్తది వేయండి.’

ఇంగ్లీషులో లేని ‘చూడటానికి బాగున్నా, బిగుతుగా ఉన్నా’ అన్న మాటలు ఇక్కడ చేరాయి. అనువాదకుడు సొంతంగా సమాచారం చేర్చకూడదన్న నియమం మంచిదే, కానీ ఇవి సొంత మాటలు కావు. ‘తనిఖీ’ అన్న తెలుగు మాట తెచ్చిపెట్టిన అపార్థాన్ని తీసేసే మాటలు. అయినా వాటిని చేర్చే ముందు తయారీ సంస్థ ఇంజనీర్లకు రాసి ఒప్పుకోలు తీసుకోవాలి. వారు ఒప్పుకోకపోతే కారణం అడగాలి. ఆ జవాబులోనే అనువాదానికి పనికొచ్చే విషయం ఏదో ఒకటి దొరుకుతుంది.

‘అవసరమైతే’ కూడా అలాంటిదే. ఎవరి అవసరం, ఏ కొలతతో అవసరం అన్నది చెప్పకపోతే తెలుగులో ఆ మాట మెకానిక్కు విచక్షణకు వదిలేసినట్టు అవుతుంది. ఈ బులెటిన్‌లో విచక్షణకు చోటు లేదు. గుర్తు ఉంటే మార్చాలి, లేకపోతే అక్కర్లేదు.

ఒక ఫెయిల్, అరడజను క్రియలు

ఇంగ్లీషు బులెటిన్ ‘బోల్టు ఫెయిల్ కావచ్చు’ అని ఊరుకుంటుంది. పత్రికా తెలుగు దాన్ని ‘విఫలం కావచ్చు’ అంటుంది. పరీక్షలో, ప్రయత్నంలో విఫలమవుతాం. ఇనుప ముక్క విఫలం కావడమంటే ఏం జరుగుతుందో చదివేవారికి కళ్ల ముందు కట్టదు.

తెలుగులో వస్తువులు పాడయ్యే తీరుకు విడివిడిగా క్రియలున్నాయి. కడ్డీ విరుగుతుంది. గాజు పగులుతుంది. తాడు, బెల్టు, హోస్ పైపు తెగుతాయి. నట్టు ఊడుతుంది, బోల్టు వదులవుతుంది, బుష్ అరుగుతుంది, బేరింగ్ పట్టేస్తుంది, సీలు కారుతుంది. ఇంగ్లీషులోని ఒక్క మాటను తేవాలంటే వీటిలో ఏది జరుగుతుందో తెలిసి తీరాలి. ఇది తెలుగు పెట్టే భారం కాదు, చేసే మేలు. ఎందుకంటే క్రియ సరిగ్గా పడితే మెకానిక్కుకు ఏం వెతకాలో, యజమానికి దేనికి భయపడాలో వెంటనే తెలుస్తుంది. ‘వదులవుతుంది’ అని రాస్తే పానా తీసి బిగిస్తారు. ‘అరుగుతుంది’ అని రాస్తే కొత్త బండి కదా, ఇప్పట్లో ఏమీ కాదనుకుంటారు. మన బోల్టుకు సరైన మాట ‘విరుగుతుంది’. దానికి ‘ముందుగా ఏ సూచనా లేకుండా’ అన్నది కూడా జోడించాలి. బులెటిన్‌లో పాడయ్యే తీరు చెప్పకపోతే అనువాదకుడు ఊహించి రాయకూడదు. అడగాలి.

లోపమున్న వస్తువుకు పెట్టే పేరులోనూ ఇదే జాగ్రత్త కావాలి. ‘పాడైన బోల్టు’ అని రాస్తే నా బండిది పాడవలేదు కదా అని యజమాని కాగితం పక్కన పెడతాడు. ‘నాసిరకం బోల్టు’ అన్నది తయారీదారు ఒప్పుకోని నింద, అంతకుమించి అబద్ధం, ఎందుకంటే ఉక్కు నాణ్యమైనదే, పూత తర్వాతి కాల్పులోనే తప్పు జరిగింది. ‘లోపభూయిష్టమైన’ అన్నది మెకానిక్ షెడ్డులో ఎవరూ అనని మాట. ‘తయారీలో లోపం ఉన్న బోల్టు’ అంటే సరిపోతుంది. ఆ లోపం పుట్టుకతో ఉన్నదని, వాడకం వల్ల వచ్చింది కాదని కూడా అందులోనే తెలుస్తుంది.

మార్చడం, బిగించడం, పారేయడం

‘రిప్లేస్’ అన్న ఇంగ్లీషు మాటకు సాంకేతిక పుస్తకాల్లో రెండు అర్థాలున్నాయి. బోల్టును రిప్లేస్ చేయడమంటే పాతది తీసి కొత్తది వేయడం. మూతను రిప్లేస్ చేయడమంటే, ముఖ్యంగా బ్రిటిష్ రచనల్లో, తీసిన మూతనే తిరిగి పెట్టడం. రెండింటికీ ‘మార్చండి’ అని రాస్తే మెకానిక్కు లేని కొత్త మూత కోసం డీలరును అడుగుతాడు. అది ఆలస్యంతో పోతుంది. దీన్ని తిరగేసి, బోల్టుకు ‘తిరిగి అమర్చండి’ అని రాస్తే పోయేది ప్రాణం. కాబట్టి బులెటిన్ మొత్తంలో రెండు పనులకు రెండు మాటలు స్థిరంగా పెట్టుకోవాలి: ‘కొత్తది వేయండి’, ‘అదే తిరిగి బిగించండి’. ‘మార్చండి’ని వదిలేస్తే ఇంకా మంచిది.

బిగింపు కొలత దగ్గర మరో గుంట ఉంది. మన బులెటిన్ ప్రకారం కొత్త బోల్టును ముందు టార్క్ రెంచితో 150 న్యూటన్-మీటర్లకు బిగించి, ఆ పైన మరో 60 డిగ్రీలు తిప్పాలి. తొలి అనువాదంలో ఇది ‘150 న్యూటన్-మీటర్లతో 60 డిగ్రీల వరకు బిగించాలి’ అని వచ్చిందనుకుందాం. రెండు దశలు ఒకటయ్యాయి. మొదటి బిగింపు పూర్తయ్యాక కోణం లెక్క మొదలవుతుందన్నది పోయింది. డిగ్రీలు అన్న మాట పక్కన ‘కోణం’ లేకపోవడంతో కొందరు దాన్ని వేడిగా కూడా పొరబడవచ్చు. సరైన పాఠానికి రెండు వాక్యాలు కావాలి: ‘మొదట 150 న్యూటన్-మీటర్లు వచ్చేదాకా టార్క్ రెంచితో బిగించండి. తర్వాత రెంచి తీసేసి, బోల్టు తల మీద గీత పెట్టి, మామూలు పానాతో తలను ఇంకో 60 డిగ్రీల కోణం తిప్పండి.’ ఆరు పలకల తలకు 60 డిగ్రీలంటే సరిగ్గా ఒక పలక. ‘అంటే ఒక పలక మేర’ అన్న రెండు మూడు మాటలు చేరిస్తే కోణమాని లేనివాడూ పని సరిగ్గా చేయగలడు. కొలత ప్రమాణాన్ని బులెటిన్‌లో తెలుగులో రాసినా, పక్కన రెంచి మీద చెక్కి ఉన్న రూపం `N·m` కూడా ఇవ్వాలి. చేతిలో పనిముట్టు మీద కనిపించేది అదే.

ఇక పాత బోల్టులు. ఇంగ్లీషు ‘స్క్రాప్ చేయండి’ అంటుంది. స్క్రాప్ తెలుగులో పాతుకుపోయిన మాటే, కానీ దాని అర్థం పాత ఇనుము కింద అమ్మేయడం. మెరుస్తున్న 12.9 బోల్టును పాత ఇనుము కుప్పలో ఎవరు వదులుతారు? ఎవరో ఏరుకుని మరో బండికి వేస్తారు. లోపం కంటికి కనిపించనిదైనప్పుడు ఇదే అన్నిటికన్నా పెద్ద ముప్పు, ఎందుకంటే రెండో బండి నంబరు ఏ జాబితాలోనూ ఉండదు. బులెటిన్ ఉద్దేశం ఆ బోల్టు ఇంకెక్కడా వాడుకకు రాకూడదని. తెలుగులో ‘ప్రతి పాత బోల్టునూ మరలున్న భాగంలో రంపంతో రెండు ముక్కలు చేయండి, లెక్కపెట్టి డీలరుకు అప్పగించండి’ అని రాస్తే ఇంకో అర్థానికి తావుండదు. తయారీదారుడు ముక్కలు చేయకుండానే పంపమంటే ఆ మాటే రాయాలి, ఎందుకంటే కొందరు ఆ బోల్టులను ప్రయోగశాలలో చూసుకోవాలనుకుంటారు. ఈ సంగతి కూడా అడిగి తెలుసుకోవాల్సిందే.

ఏ బండి, ఏ బోల్టు

బులెటిన్ వర్తించే బండ్లను క్రమసంఖ్యలతో చెబుతారు. ‘4001 నుంచి 4650 వరకు’ అంటే 4650 ఉన్నట్టా, లేనట్టా? చాలామంది ఉన్నట్టే అంటారు. కానీ బండి నంబరు 4650 అయినవాడికి చాలామంది మాట చాలదు. ‘4001, 4650, వాటి మధ్యనున్న అన్ని సంఖ్యలు’ అని రాయడానికి ఒక్క క్షణం ఎక్కువ పడుతుంది, అంతే. ఇంగ్లీషులో హద్దు సంఖ్య లోపలో బయటో స్పష్టంగా లేకపోతే తెలుగులో దాన్ని తేల్చే అధికారం అనువాదకుడికి లేదు. తయారీదారుకే రాయాలి.

బండికి బిగించిన నంబరు పలక మీది అక్షరాలను తెలుగు లిపిలోకి మార్చకూడదు. యజమాని పలకను, కాగితాన్ని పక్కపక్కన పెట్టి పోల్చుకుంటాడు. విడిభాగం నంబరును డీలరు కంప్యూటర్‌లో టైపు చేస్తాడు. రెండు చోట్లా ఉన్నది ఉన్నట్టే ఉండాలి. బోల్టు తల గుండ్రంగా తిరిగి ఏ దిక్కునైనా ఆగుతుంది కాబట్టి గుర్తు తలకిందులుగా కనిపించే వీలుంది. అందుకే గుర్తును మాటల్లో చెప్పి ఊరుకోకుండా, నిలువుగానూ తలకిందులుగానూ తీసిన ఫొటోలు పాఠం పక్కనే పెట్టాలి.

తెలుగులో ఎదురయ్యే మరో చిక్కు ‘ముందు’ అన్న మాట. దానికి ఎదురుగా అని, మొదట అని, అంతకు పూర్వం అని మూడు అర్థాలు. ‘ముందు బోల్టులను విప్పండి’ అంటే ముందు చక్రాల దగ్గరివా, మొదటి పనిగా బోల్టులు విప్పడమా? స్టీరింగ్ బోల్టులు ముందు ఇరుసు మీద ఉన్న ఈ బులెటిన్‌లో ఈ మాట ప్రతి పేరాలో ఎదురవుతుంది. స్థలానికి ‘ముందువైపు’, క్రమానికి ‘మొదట’, కాలానికి ‘అంతకుమునుపు’ అని విడదీసి, చివరిదాకా అలాగే నడపాలి. ఎడమ, కుడి కూడా అంతే. బండి ఎదుట నిలబడి చూసేవాడికి ఎడమ వేరు, సీటులో కూర్చున్నవాడికి వేరు. ‘సీటులో కూర్చున్నప్పుడు మీ ఎడమ చేతి వైపు’ అని మొదటిసారి చెప్పేస్తే మిగతా పాఠమంతా తేలిక.

మర్యాద మాటల్లో జారిపోయే ఆదేశం

తెలుగు ప్రకటనల భాషలో ‘సంప్రదించగలరు’, ‘మార్పించుకోగలరు’, ‘గమనించగలరు’ అన్నవి మర్యాదకు అలవాటైన రూపాలు. వ్యాకరణం ప్రకారం వాటి అర్థం ‘మీకు ఆ శక్తి ఉంది’ అని. ఆహ్వాన పత్రికలో ఇది అందంగా ఉంటుంది. స్టీరింగ్ బోల్టు విరిగే సంగతి చెప్పేటప్పుడు దీని వల్ల ఆదేశం సలహా అయిపోతుంది. ‘-వచ్చు’ ఇంకా జారుడు. అది సంభావ్యతనూ చెబుతుంది, అనుమతినీ చెబుతుంది. ‘బోల్టు విరగవచ్చు’, ‘మీరు ఉచితంగా మార్పించుకోవచ్చు’ అన్న రెండు వాక్యాలు ఒక్కచోట పడితే, మొదటిది అనుమానంగా, రెండోది ఇష్టమైతే చేసే పనిగా వినిపిస్తుంది. ఇంగ్లీషు మూలంలో రెండో వాక్యం ఉద్దేశం డబ్బు అక్కర్లేదన్న భరోసా మాత్రమే. ఆ భరోసాను విడిగా చెప్పి, ఆదేశాన్ని ఆదేశంగానే ఉంచాలి.

‘స్వచ్ఛందంగా’, ‘ముందు జాగ్రత్త చర్యగా’, ‘అరుదైన సందర్భాల్లో’ అన్నవి మూల పాఠంలోనే ఉంటే? ఇది అనువాదకుడిని ఇబ్బంది పెట్టే చోటు. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చి, 2024 డిసెంబరు 13 నుంచి అమలుచేస్తున్న సాధారణ ఉత్పత్తుల భద్రతా నియమావళిలోని 36వ అధికరణం, వినియోగదారులకు పంపే రీకాల్ నోటీసుల్లో సరిగ్గా ఇలాంటి మాటలే వాడవద్దంటోంది. ఇంతవరకు ప్రమాదాలేవీ జరగలేదని చెప్పుకోవడం కూడా అందులో చేరింది. కారణం సూటిగా ఉంది: చదివేవారిలో ప్రమాదం పట్ల ఎరుకను ఇవి తగ్గిస్తాయి. ఈ నియమం ఆ సమాఖ్యకే పరిమితమైనా దాని తర్కం ఏ భాషకైనా పనికొస్తుంది. తెలుగులో ‘స్వచ్ఛందం’ అంటే సేవాభావం, లేదా ఇష్టపూర్వకం. యజమాని చదివేటప్పుడు ఆ ఇష్టం తనదనుకుంటాడు. అనువాదకుడు దాన్ని తనంతట తాను తీసేయకూడదు, కానీ ఈ మాట తెలుగులో ఇలా వినిపిస్తుందని సంస్థకు రాతపూర్వకంగా చెప్పడం అతని బాధ్యత.

హెచ్చరిక పెట్టెల మీది మాటలకు మాత్రం ఈ స్వేచ్ఛ లేదు. అమెరికాలోని ఏఎన్‌ఎస్‌ఐ జెడ్535, అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 3864 ప్రమాణాల్లో వాటికి మెట్లున్నాయి. తప్పించుకోకపోతే మరణమో తీవ్ర గాయమో తప్పదంటే ఒక మాట, అలా జరిగే వీలుందంటే దాని కింది మాట, చిన్నపాటి గాయాలకు ఇంకో మాట. ‘అపాయం’, ‘హెచ్చరిక’, ‘జాగ్రత్త’ అని తెలుగులో మూడింటికి మూడు పెట్టుకుని మార్చకుండా వాడాలి. ‘ప్రమాదం’ పై మెట్టుకు తగినట్టే ఉంటుంది గానీ, జరిగిన ప్రమాదాన్నీ జరగబోయే ముప్పునూ రెండింటినీ అదే చెబుతుంది. దాన్ని పాఠంలోని మామూలు వాక్యాలకు వదిలేయడం మేలు.

ముగ్గురికి మూడు పాఠాలు, ఒకే మాటలు

‘రీకాల్’ అన్న మాటనే తీసుకుందాం. ‘ఉపసంహరణ’ పుస్తకాల మాట. ‘వాపసు’ అంటే బండి ఇచ్చేసి డబ్బు తీసుకోవచ్చని యజమాని ఆశపడతాడు. ‘వెనక్కి పిలిపించడం’ పత్రికల్లో నలిగింది, కానీ బండిని నడుపుకుంటూ డీలరు దగ్గరికి పోవాలన్న భావం అందులో ఉంది. ఈ బులెటిన్‌లో అదే చేయకూడని పని. ‘రీకాల్’ను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ‘లోపమున్న బోల్టులను ఉచితంగా తీసేసి కొత్తవి వేసే కార్యక్రమం’ అని విప్పి చెప్పడం సబబు.

డీలరుకు కావాల్సింది వేరే పాఠం. అమ్మకం ఆపాలి. గిడ్డంగిలోని బోల్టులను విడిగా తాళం వేసిన చోట పెట్టాలి. ఎవరి బండికి ఏ రోజు మార్చారో రాసుకోవాలి. అక్కడ ‘చేయాలి’ అన్న రూపం సరిపోతుంది. మెకానిక్కుకు వరసగా అడుగులు కావాలి, ఒక్కో అడుగుకు ఒక్కో పని. యజమానికి సగం పేజీ చాలు. కానీ ముగ్గురి కాగితాల్లోనూ ఆ వస్తువు పేరు ఒక్కటే ఉండాలి. డీలరు కాగితంలో ‘ఫాస్టెనర్’, మెకానిక్కు దాంట్లో ‘బోల్టు’, యజమాని దాంట్లో ‘మరమేకు’ అయితే ఫోనులో ఒకరి మాట ఒకరికి అందదు. ముగ్గురూ నోటితో అనే మాట బోల్టు. అదే ఉండాలి.

యజమాని పాఠానికి తొలి ముసాయిదా ఇలా ఉందనుకుందాం: ‘నాణ్యత పట్ల మా నిబద్ధతలో భాగంగా, ముందు జాగ్రత్త చర్యగా, కొన్ని యంత్రాల స్టీరింగ్ బోల్టులను స్వచ్ఛందంగా రీకాల్ చేయడం జరిగింది. అరుదైన సందర్భాల్లో అవి విఫలం కావచ్చు. తనిఖీ జరిగే వరకు యంత్ర వినియోగాన్ని నివారించగలరు.’ చివరి వాక్యంలో తనిఖీ ఎవరు చేయాలో లేదు. యజమాని తానే వంగి చూసుకుని, బాగుందనుకుని బండి తీస్తాడు.

తయారీదారుతో మాట్లాడి సరిదిద్దిన పాఠం ఇలా ఉండవచ్చు: ‘మీ లోడర్‌ను ఇక నడపకండి. ముందువైపు చక్రాలను తిప్పే స్టీరింగ్ బోల్టు ఏ సూచనా లేకుండా విరిగే ప్రమాదం ఉంది. అది విరిగితే మీరు తిప్పినట్టు బండి తిరగదు. మీ ప్రాణానికీ, దగ్గరున్నవారి ప్రాణానికీ ముప్పు. బోల్టు చూడటానికి బాగానే ఉన్నా ఈ ముప్పు ఉంటుంది. డీలరుకు ఫోను చేయండి. మెకానిక్కు మీ దగ్గరికే వచ్చి బోల్టులు చూసి, లోపమున్న వాటిని తీసేసి కొత్తవి వేస్తారు. మీరు డబ్బు కట్టనక్కర్లేదు. ఆయన పని పూర్తిచేసి, మీ చేతికి సంతకంతో కాగితం ఇచ్చేదాకా బండి కదపకండి. ఆ బోల్టులను మీరు విప్పకండి, బిగించకండి.’

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది

చాలా సంస్థలు తెలుగు పాఠాన్ని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి మూలంతో పోలుస్తాయి. అంకెలు జారాయా, వాక్యం ఎగిరిపోయిందా అన్నది దీనితో పట్టుబడుతుంది. కానీ ‘తనిఖీ చేసి అవసరమైతే మార్చండి’ తిరిగి వెళ్తే మూలంలో ఉన్న మాటలే వస్తాయి. రెండు పాఠాలూ సరిపోయాయని సంతకం పడుతుంది. మెకానిక్కును దారి తప్పించిన వాక్యం ఈ పరీక్షలో పూర్తి మార్కులతో నెగ్గుతుంది. ‘మార్పించుకోగలరు’ కూడా నెగ్గుతుంది.

దానికి పట్టుబడనివి మనుషుల దగ్గర పట్టుబడతాయి. బులెటిన్ సంగతి ముందుగా తెలియని మెకానిక్కుకు కాగితం ఇచ్చి, `K` బోల్టు వేసిన బండి దగ్గర నిలబెట్టాలి. ఏమీ చెప్పకూడదు. ఆయన మొదట ఏం చేస్తాడో చూడాలి. లైటు తీసి పగులు వెతికితే పాఠం ఓడినట్టే, ఆయన తప్పు కాదు. తల తుడిచి గుర్తు చదివితే ఆ వాక్యం నిలిచినట్టు. యజమానిని ‘అర్థమైందా?’ అని అడగకూడదు, ఎవరైనా అయిందనే అంటారు. ‘రేపు పొద్దున పని ఉంది, బండి తీస్తారా?’ అని అడగాలి. ‘మెల్లగా నడుపుకుంటూ డీలరు దగ్గరికి తీసుకెళ్తాను’ అన్న జవాబు వస్తే మొదటి వాక్యాన్ని మళ్లీ రాయాలి. ‘ఇక నడపకండి’ పక్కన ‘డీలరు దగ్గరికి కూడా’ అని చేర్చాలి. డీలరును ‘పాత బోల్టులు ఎక్కడ పెడతారు?’ అని అడిగితే స్క్రాప్ సంగతి బయటపడుతుంది.

అంకెలకు వేరే పరీక్ష ఉంది. ఒకరు మూలం చూస్తూ గట్టిగా చదవాలి, మరొకరు తెలుగు కాగితం మీద వేలు పెట్టి సరిచూడాలి. క్రమసంఖ్యలు, విడిభాగం నంబరు, 150, 60, బోల్టు తల గుర్తులు అన్నీ ఇలా దాటాలి. అచ్చుకు వెళ్లే ఆఖరి ప్రతి మీదే ఈ పని జరగాలి, ఎందుకంటే పేజీ కూర్చేటప్పుడు `KR`లోని రెండో అక్షరం పక్క పంక్తికి జారి, కొత్త బోల్టు పాత బోల్టుగా కనిపించే అవకాశం అప్పుడే ఉంటుంది.